కల్చర్‌లో ఏమీ పెరగనప్పుడు

మెనింజైటిస్ అనుమానంతో పంపిన వెన్నునీటి కల్చర్‌లో ‘నో గ్రోత్’ అని వస్తే, ఆ నమూనా నుంచి బతికున్న బ్యాక్టీరియా ఏదీ పెరగలేదని మాత్రమే అర్థం. మెదడు పొరల్లో ఇన్ఫెక్షన్ లేదని కాదు. రిపోర్టు కాగితంలో ఈ తేడా చెప్పడానికి చోటుండదు కనుక, యాంటీబయాటిక్ పడ్డాక తీసిన నమూనా అయితే మైక్రోబయాలజిస్టు వైద్యుడికి విడిగా లేఖ రాయాల్సి వస్తుంది.

ఒక కేసు ఊహిద్దాం. జ్వరం, తలనొప్పి, బిగుసుకున్న మెడతో వచ్చిన రోగికి క్యాజువాలిటీలోనే 2 గ్రాముల సెఫ్ట్రియాక్సోన్ ఎక్కించారు. సీటీ స్కాన్ అయ్యి, నడుము దగ్గర సూది గుచ్చి నీరు తీసేసరికి ఆరు గంటలు గడిచాయి. నీరు మడ్డిగా ఉంది. ఘన మిల్లీమీటరుకు 1,800 తెల్లకణాలు, వాటిలో అధికభాగం న్యూట్రోఫిల్స్. రక్తంలో గ్లూకోజు 120 ఉంటే వెన్నునీటిలో 18. గ్రామ్ స్టెయిన్‌లో ఊదారంగు జంట కోకైలు కనిపించాయి. బ్లడ్ అగార్, చాక్లెట్ అగార్ ప్లేట్లు మాత్రం మూడు రోజులైనా ఖాళీగానే ఉన్నాయి.

స్లైడు, ప్లేటు ఒకదాన్నొకటి కాదంటున్నట్టు కనిపిస్తాయి గానీ, అవి చూసేవి వేర్వేరు సంగతులు. సెఫ్ట్రియాక్సోన్ బ్యాక్టీరియా కణగోడ కట్టుకోకుండా అడ్డుపడి చంపుతుంది. చచ్చిన కణాలు కొంతసేపు నీటిలోనే ఉండి రంగు పట్టుకుంటాయి. ప్లేటు మీద పెరగాలంటే మాత్రం ప్రాణం ఉండాలి. పైగా జంట కోకైలుగా కనిపించే న్యూమోకాకస్‌కు తన ఎంజైములతో తానే కరిగిపోయే గుణం ఉంది. నమూనాతో పాటు వచ్చిన మందు, మిగిలిన ఒకటి అరా బ్యాక్టీరియాను కూడా పెరగనివ్వకపోవచ్చు.

ఇదంతా ఎంత త్వరగా జరుగుతుందో 2001లో అచ్చయిన ఒక అమెరికన్ అధ్యయనం పిల్లల్లో గమనించింది. మెనింగోకాకస్ అయితే మందు పడిన రెండు గంటల్లోపే వెన్నునీటి నుంచి పెరగడం మానేసింది. న్యూమోకాకస్ విషయంలో సుమారు నాలుగు గంటల నుంచి కల్చర్లు ఖాళీగా రావడం మొదలైంది. కణాల సంఖ్య, గ్లూకోజు, ప్రొటీన్ అంత తొందరగా మామూలు స్థితికి రావు. అందుకే ఈ కేసులో రోగనిర్ధారణకు అవే ఆధారం.

అయితే ఖాళీ ప్లేటు నేరమంతా యాంటీబయాటిక్ మీదే వేయకూడదు. క్షయ, వైరస్ మెనింజైటిస్‌లలోనూ మామూలు ప్లేట్ల మీద ఏదీ పెరగదు. వాటిలో సాధారణంగా లింఫోసైట్లు ఎక్కువ. వెన్నునీటి నమూనాను ఫ్రిజ్‌లో పెట్టినా సున్నితమైన బ్యాక్టీరియా చచ్చిపోవచ్చు.

మిగిలిన నమూనాతో పీసీఆర్ చేస్తే చచ్చిన బ్యాక్టీరియా డీఎన్ఏ కూడా దొరుకుతుంది కాబట్టి న్యూమోకాకస్ అవునో కాదో తేలవచ్చు. ఏ మందుకు లొంగుతుందో మాత్రం పీసీఆర్ చెప్పలేదు. ఆ పరీక్షకు సజీవ బ్యాక్టీరియా కావాలి. అందుకే సెన్సిటివిటీ తెలియనప్పుడు, సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగని రకం కావచ్చని, దానితో పాటు ఇచ్చే వాంకోమైసిన్‌ను తొందరపడి ఆపరు. మొదటి మోతాదుకు ముందే రక్తం తీసి కల్చర్ బాటిల్లో పోసి ఉంటే, బ్యాక్టీరియా అక్కడైనా దొరికే అవకాశం ఉంది. దానికి పట్టేది కొద్ది నిమిషాలే. వెన్నునీరు తీసేదాకా మందు ఆపి ఉంచడం మాత్రం ప్రాణాపాయం. మొదటి మోతాదు ఎన్ని గంటలకు పడిందో, అంతకుముందు మెడికల్ షాపులో కొన్న మాత్రలేమైనా వాడారో రిక్విజిషన్ ఫారం మీద రాసి ఉంటే, ‘నో గ్రోత్’ను ఎలా చదవాలో ల్యాబ్ మొదటి రోజే చెప్పగలదు.