తప్పుందో లేదో చెప్పండి, మార్చి రాయకండి

ప్రశ్న: సార్, మా బాబు నాలుగో తరగతి. మన గుట్ట గురించి మూడు వాక్యాలు రాసుకొని రమ్మన్నరట. వ్యాకరణం ప్రకారం సరిగ్గ ఉన్నయో లేవో చెప్పండి, చాలు. మీరు మాత్రం మార్చి రాయకండి. – ఒక తల్లి, యాదగిరిగుట్ట

1. మా తాత నిన్న గుట్ట మీదికి పోయిండు.
2. మెట్ల మీద కోతులు కొబ్బరిచిప్ప గుంజుకపోయింది.
3. నాకు పులిహోర ఇష్టపడతాను.

జవాబు: అమ్మా, మొదటిది సరైనదే. మిగతా రెండింటిలో ఒక్కొక్క తప్పుంది.

మొదటి వాక్యంలో ‘పోయిండు’ చూసి చాలామంది ఎర్రసిరా అందుకుంటారు. అది తప్పు కాదు. కర్త మగవాడు, ఒక్కడు. క్రియ చివరి ‘డు’ ఆ రెండింటినీ చెబుతోంది. ‘వెళ్ళాడు’లో జరిగే పనే ఇక్కడా జరిగింది. ఇది తెలంగాణ మాట, అది పాఠ్యపుస్తకం మాట. బడిలో పుస్తకభాషే రాయమన్నారా అన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు టీచరు చెప్పాలి. తాతకు ‘రు’ పెట్టాలా అన్నది మర్యాదకు సంబంధించింది, మీ ఇంట్లో ఎలా పిలుచుకుంటారో దాన్నిబట్టి ఉంటుంది.

రెండో వాక్యంలో కర్తను, క్రియను పక్కపక్కన పెట్టి చదివించండి: ‘కోతులు... గుంజుకపోయింది’. మధ్యలో కొబ్బరిచిప్ప వచ్చేసరికి పిల్లవాడి దృష్టి దాని మీదికి పోయి ఉండవచ్చు. పెద్దలు కూడా పొడుగు వాక్యాల్లో ఇలాగే తప్పుతారు. మార్చి రాయవద్దని మీరు అన్నది ఎంత సబబో ఇక్కడే తెలుస్తుంది. ఈ తప్పును రెండు చోట్ల దిద్దవచ్చు, కర్త దగ్గరా, క్రియ దగ్గరా. ఏది దిద్దాలో తెలియాలంటే చిప్ప లాక్కున్నది ఒక కోతా, గుంపా అన్నది తెలియాలి. మెట్ల మీద ఉన్నది బాబు, నేను కాదు. నేను దిద్దితే వాక్యం కుదురుతుంది, కానీ జరిగినది మారిపోవచ్చు.

మూడోదానిలో రెండు వాక్యాలు కలిసిపోయాయి. మొదటి మాట ఒక వాక్యానిది, చివరి మాట ఇంకో వాక్యానిది. బాబును ‘ఎవరు ఇష్టపడతారు?’ అని అడగండి. వాడు చెప్పిన మాట కాగితం మీది మొదటి మాటతో కలుస్తుందేమో వాడినే చూడమనండి. కలవకపోతే రెండు కొసల్లో ఏది మార్చాలో వాడి ఇష్టం, ఎటు మార్చినా మంచి తెలుగే అవుతుంది.

‘కొబ్బరిచిప్ప’కు ముందు ‘పెద్ద’ చేర్చమనో, పులిహోర ఎందుకిష్టమో రాయమనో నేను చెప్పడం లేదు. అవి వాక్యం బాగుండటానికి పనికొస్తాయి, మీరడిగింది సరిగ్గా ఉందా అని. బాబు దిద్దిన రెండూ మళ్ళీ పంపండి. సరే, కాదు అని మాత్రమే చెబుతాను. కాదంటే ఏ మాట దగ్గరో వేలు పెట్టి చూపిస్తాను.