ఆ రెండు సెకన్లు ఆగి ఉంటే

క్యాంటీన్‌లో టీ తాగుతూ మా రూమ్మేట్‌ని అడిగాను, "ఇంట్లో అంతా బానే ఉందారా?" అని. వాడు గ్లాసు వైపు చూస్తూ ఉండిపోయాడు. రెండు సెకన్లు గడిచాయో లేదో, నాకు ఇబ్బందిగా అనిపించి "సర్లే, ల్యాబ్ రికార్డు అయిందా?" అనేశాను. "ఆఁ, అయింది" అన్నాడు. మాట అక్కడితో ఆగిపోయింది.

ఎందుకా తొందర? 2009లో పది భాషల సంభాషణల్ని కొలిచిన ఒక పరిశోధనలో, ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఖాళీ సగటున సెకనులో ఐదో వంతు దగ్గరే ఉందని తేలింది. ఎదుటివాళ్ళ మాట పూర్తవకముందే మనం జవాబు సిద్ధం చేసుకుంటాం కాబట్టే అంత వేగం. అలవాటైన ఆ లయ తప్పితే, ఏదో తేడా జరిగిందనిపిస్తుంది.

కానీ "తిన్నావా?"కి జవాబు ముందే రెడీగా ఉంటుంది. "ఇంట్లో ఎలా ఉంది?"కి ఉండదు. ఏది చెప్పాలి, ఎంత చెప్పాలి అని లోపల తేల్చుకోవాలి. ఆ మౌనం అందుకు పట్టే టైమే.

తేడా ఎలా తెలుస్తుంది? చూపు ఎటో నిలిచిపోయినా, "అంటే..." అని ఆగినా ఇంకా ఆలోచిస్తున్నట్టే. మనం ఒక గుక్క టీ తాగితే చాలు. ఫోన్ తీసినా, బ్యాగ్ సర్దుకున్నా ఆ టాపిక్ వద్దని బహుశా అర్థం, వదిలేయాలి. ఫోన్‌లో మొహం కనబడదు కాబట్టి "నిదానంగా చెప్పు, లైన్లోనే ఉన్నా" అనాలి.

వారం తర్వాత వాణ్ణి మళ్ళీ అదే అడిగి, ఈసారి ఊరుకున్నాను.

"నాన్నకి పని పోయిందిరా" అన్నాడు.