సబ్‌వూఫర్‌కూ స్పీకర్లకూ కాలం కుదర్చడం

హోమ్ థియేటర్‌లో మంద్ర ధ్వనుల పనిని సబ్‌వూఫర్, మిగతా పనిని ప్రధాన స్పీకర్లు పంచుకుంటాయి. ఈ పంపకం జరిగే చోటే క్రాసోవర్. సాధారణంగా దీన్ని 80 హెర్ట్జ్ దగ్గర పెడతారు. అయితే క్రాసోవర్ గోడలా ఒక్కసారిగా తెగిపోదు. దాదాపు 60 నుంచి 110 హెర్ట్జ్ దాకా రెండూ కలిసే మోగుతాయి. అక్కడ రెండింటి తరంగాలు ఒకేసారి పైకి లేచి ఒకేసారి కిందికి దిగితే, సమాన బలమున్న రెండు ధ్వనులు కలిసి 6 డెసిబెల్స్ పెరుగుతాయి. ఒకటి లేస్తున్నప్పుడు రెండోది దిగితే ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి.

80 హెర్ట్జ్ తరంగం ఒక ఆవృత్తి పూర్తి చేయడానికి 12.5 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ వ్యవధిలో ధ్వని గాలిలో సుమారు 4.3 మీటర్లు ప్రయాణిస్తుంది. కాబట్టి రెండింటి మధ్య అందులో సగం, అంటే 6.25 మిల్లీసెకన్ల తేడా వస్తే చాలు, ఫేజ్ పూర్తిగా ఎదురు తిరుగుతుంది.

ఒక గదిలో కూర్చునే చోటికి ప్రధాన స్పీకర్లు 3 మీటర్ల దూరంలో, మూలనున్న సబ్‌వూఫర్ 3.7 మీటర్ల దూరంలో ఉన్నాయనుకుందాం. ఆ 0.7 మీటర్ల వల్ల సబ్ ధ్వని 2 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. సబ్ లోపలి డిజిటల్ సర్క్యూట్, ఫిల్టర్లు కలిసి మరో 4 మిల్లీసెకన్లు తీసుకుంటాయనుకుంటే మొత్తం ఆలస్యం 6 మిల్లీసెకన్లు. 80 హెర్ట్జ్ దగ్గర ఇది సుమారు 173 డిగ్రీల ఫేజ్ తేడా. అంటే దాదాపు పూర్తి వ్యతిరేకత. ఫలితంగా బేస్ గిటార్ స్వరాలు మెట్టుమెట్టుగా పైకి వెళ్తుంటే ఈ ప్రాంతంలోని ఒకటి రెండు స్వరాలు మాత్రం నీరసంగా వినిపిస్తాయి. సబ్‌ను ఆపేస్తే ఆ స్వరాలే బలపడితే లోపం ఫేజ్‌లోనే ఉన్నట్టు.

ముందే వెళ్లిపోయే ధ్వనిని ఆపడమే దీనికి మందు. ఏవీ రిసీవర్ మెనూలో దూరాల పేరుతో ఉండే అంకెలు నిజానికి డిలే సెట్టింగులే. సబ్ దూరాన్ని 5.1 మీటర్లుగా నమోదు చేస్తే, రిసీవర్ ప్రధాన స్పీకర్లను 6 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తుంది. ఆటోమేటిక్ కొలతలో సబ్ దూరం టేపు కొలత కన్నా ఎక్కువగా రావడానికి కారణం కూడా ఇదే. అది పొరపాటనుకుని 3.7కు దిద్దితే కుదిరిన అమరిక చెడుతుంది.

డిలే బదులు సబ్ వెనకున్న పొలారిటీ స్విచ్‌ను 180కి తిప్పినా ఈ గదిలో 80 హెర్ట్జ్ దగ్గర లోటు తీరుతుంది. కానీ 6 మిల్లీసెకన్ల ఆలస్యం అలాగే ఉండిపోతుంది. 60 హెర్ట్జ్ దగ్గర 50 డిగ్రీలు, 100 హెర్ట్జ్ దగ్గర 36 డిగ్రీల తేడా మిగులుతుంది. ఫేజ్ నాబ్ తిప్పినా అన్ని పౌనఃపున్యాలకూ ఒకే ఆలస్యం రాదు. అందుకే ముందు డిలే కుదిర్చి, ఈ నాబ్‌ను చివరి చిన్న సవరణకే వాడాలి.

సరైన డిలేను పట్టుకోవడానికి ఎక్కువగా మోగే చోటును వెతకడం కన్నా నిశ్శబ్దమయ్యే చోటును వెతకడం మేలు. ఫేజ్ 30 డిగ్రీలు తప్పినా మొత్తం ధ్వని 0.3 డెసిబెల్ మాత్రమే తగ్గుతుంది. అది చెవికి తెలియదు. అందుకే ముందుగా సబ్ సొంత లోపాస్ నాబ్‌ను గరిష్ఠానికి లేదా LFE స్థానానికి పెట్టాలి. లేకపోతే రెండో ఫిల్టర్ కూడా ఫేజ్‌ను మారుస్తుంది. తర్వాత 80 హెర్ట్జ్ టోన్‌ను మితమైన శబ్దంతో మోగించి, సబ్‌నూ స్పీకర్లనూ విడివిడిగా కొలిచి, కూర్చునే చోట రెండింటి స్థాయినీ సమానం చేయాలి. అప్పుడు సబ్ పొలారిటీని తిప్పి, రెండింటినీ కలిపి మోగిస్తూ, మీటర్ అతి తక్కువ చూపేవరకు దూరం అంకెను కొద్దికొద్దిగా మార్చాలి. ఆ అంకె దొరికాక పొలారిటీని మళ్లీ యథాస్థానానికి తెస్తే రెండూ కలుస్తాయి. చివరికి సబ్ స్థాయిని మామూలుకు మార్చుకోవచ్చు.

ఈ పద్ధతిలో ఒక మోసం ఉంది. సరైన డిలేకు 12.5 మిల్లీసెకన్లు అటూ ఇటూ ఉన్న చోట కూడా 80 హెర్ట్జ్ అలాగే మాయమవుతుంది. 60, 100 హెర్ట్జ్ టోన్లతోనూ పరీక్షిస్తే ఈ తప్పుడు స్థానాలు బయటపడతాయి. కొలత మైక్రోఫోన్ ఉంటే రూమ్ ఈక్యూ విజార్డ్ వంటి సాఫ్ట్‌వేర్‌తో ఒకే టైమింగ్ రిఫరెన్స్ మీద రెండింటి ఫేజ్ రేఖలు గీయించవచ్చు. అవి క్రాసోవర్ ప్రాంతమంతా ఒకదానిపై ఒకటి పడితే డిలే సరైనదే.

సబ్ ఒక్కటే మోగినప్పుడు కూడా అదే పౌనఃపున్యంలో లోటు కనిపిస్తే దానికి కారణం గది గోడల ప్రతిఫలనాలు. దాన్ని డిలే తీర్చలేదు. సబ్‌నో కుర్చీనో జరపాలి. పైగా మరో కుర్చీకి దూరాలు వేరు కాబట్టి, ఒక చోట కుదిరిన అమరిక అక్కడ అంతే కచ్చితంగా ఉండదు. నలుగురు కూర్చునే గదిలో ఒక్క కుర్చీ కొలతతో సరిపెట్టకుండా, ఎక్కడా పెద్ద లోటు రాని మధ్యస్థపు డిలేను ఎంచుకోవాలి.