కుట్టుమిషన్‌కి కొబ్బరినూనె వద్దు

కొన్ని నెలలు మూలన పెట్టిన కుట్టుమిషన్ చక్రం బరువుగా తిరుగుతోందా? ఎప్పుడో వేసిన కొబ్బరినూనో, వంటనూనో కారణం కావచ్చు. వంటనూనెలు గాలి తగిలి మెల్లగా జిగురుగా మారతాయి. కొబ్బరినూనె అయితే చలికి గడ్డకడుతుంది కూడా. షటిల్ చుట్టూ పసుపురంగు జిడ్డు, దానికి అంటుకున్న నూలుపీచు కనిపిస్తే అదే గుర్తు.

ముందు బాబిన్ కేస్, షటిల్ తీసి పీచు దులపాలి. తొక్కుడు మిషన్ అయితే నూనె రంధ్రాల్లో రెండేసి చుక్కల కిరసనాయిలు వేసి, చక్రం చేత్తో తిప్పుతుంటే జిగురు కరిగి కారుతుంది. దగ్గర్లో మంట ఉండకూడదు. కిరసనాయిలు కడుగుతుందే గానీ కందెనగా నిలవదు. కాబట్టి తుడిచాక ప్రతి రంధ్రంలో ఒకట్రెండు చుక్కల పల్చటి మిషన్ ఆయిల్ తప్పక వేయాలి. మరకలు ఆగేదాకా పాతగుడ్డ మీద కుట్టాలి. సన్నని సందుల్లోకి గ్రీజు చేరదు, అది పళ్లచక్రాలకే.

సైకిల్ గొలుసుకీ ఇదే సూత్రం. అరుగుదల లింకుల లోపల జరుగుతుంది, గ్రీజేమో పైనే ఉండి దుమ్ము పడుతుంది. నూనె వేసి, పైపూత పూర్తిగా తుడిచేయాలి. దుమ్ముదారుల్లో మైనంతో చేసిన పొడి కందెన ఇంకా మేలు, వానలో మాత్రం త్వరగా పోతుంది.

తలుపు బందుకు గ్రీజే నా ఓటు. కదలిక నెమ్మది, బరువు ఎక్కువ. నూనె కారిపోతుంది. మేకు పైకి లాగి, తుప్పు గీకి, పల్చగా రాసి దించితే చాలు.