ఆటగాడికి చెప్పకుండా నెమ్మదించే బండ

1996లో ప్లేస్టేషన్‌పై వచ్చిన ‘క్రాష్ బ్యాండికూట్’ ఆటలో ఒక పెద్ద బండరాయి దొర్లుకుంటూ వెంటపడే ఘట్టం ఉంది. క్రాష్ ప్రాణం అరచేత పట్టుకుని తెర లోపలి నుంచి ఆడేవారి వైపే పరుగెత్తుకొస్తాడు. అందువల్ల ముందున్న గుంటలూ, అడ్డంకులూ ఆఖరి క్షణం దాకా కనిపించవు. కొత్తగా ఆడేవాళ్లకు అక్కడ చావు తప్పదు. అలా మళ్లీమళ్లీ చచ్చిపోయేవారి కోసం నాటీ డాగ్ సంస్థ వ్యవస్థాపకులు ఆండీ గావిన్, జేసన్ రూబిన్ బృందం ఒక ఏర్పాటు చేసింది. చనిపోయినకొద్దీ బండ వేగం ప్రతిసారీ కాస్త తగ్గుతుంది. మిగతా చోట్ల ఎక్కువసార్లు ఓడితే ఒక దెబ్బ కాచే ముసుగు ముందే చేతికొస్తుంది. అప్పటికీ కుదరకపోతే దారిలోని పళ్లపెట్టె ఒకటి చెక్‌పాయింట్‌గా మారిపోతుంది. ఈ సాయం అందుతున్నట్టు తెరమీద ఎక్కడా కనబడదు. బాగా ఆడేవాడికైతే బండ మొదటి వేగంతోనే దొర్లుతుంది.

ఆడేవారి తీరును గమనించి ఆట తనంతట తాను సులువుగానో కష్టంగానో మారడాన్ని డైనమిక్ డిఫికల్టీ అడ్జస్ట్‌మెంట్ అంటారు. ఈజీ, నార్మల్, హార్డ్ అనే మెనూ ఎప్పటినుంచో ఉంది కదా, మళ్లీ ఇదెందుకనే ప్రశ్న సహజం. చిక్కేమిటంటే, ఇంకా ఒక్క శత్రువును కూడా చూడని మనిషిని ఆ మెనూ మొదటి నిమిషంలోనే నిర్ణయం చెప్పమంటుంది. పైగా ఒకరికి గురిపెట్టడం బాగా వచ్చి, గెంతడం రాకపోవచ్చు. మొదటి గంటలో తడబడినవారే మూడో గంటకు ఆరితేరవచ్చు. ఒక్కసారి నొక్కిన మీట ఈ తేడాలను పట్టుకోలేదు.

దీన్ని నేర్పుగా అమలుచేసిన ఆటల్లో ముందుగా చెప్పుకోవలసింది క్యాప్‌కామ్ 2005లో విడుదల చేసిన ‘రెసిడెంట్ ఈవిల్ 4’. లియాన్ కెనడీ అనే ఏజెంట్ అపహరణకు గురైన అమ్మాయి కోసం ఒక పల్లెలో అడుగుపెడతాడు. గొడ్డళ్లు పట్టుకున్న ఊరిజనం అతన్ని చుట్టుముడతారు. ఈ పోరు సాగుతున్నంతసేపూ లోపల ఒక లెక్క నడుస్తుంటుంది. కష్టాన్ని సూచించే మెట్లు పది ఉన్నాయి. తుపాకీ గుండు తగిలినప్పుడు, శత్రువు కూలినప్పుడు లెక్క పైకి జరుగుతుంది. లియాన్‌కు దెబ్బ తగిలితే కిందికి దిగుతుంది, చనిపోతే ఇంకా బాగా దిగుతుంది. ఇదంతా తెరవెనుకే.

ఒక కొత్త ఆటగాడిని ఊహించుకుందాం. ఆ పల్లెలో అతని గురి కుదరదు, రెండు గొడ్డలి దెబ్బలు తింటాడు, చివరికి రంపం పట్టుకొచ్చినవాడి చేతిలో హతమవుతాడు. మళ్లీ మొదలుపెట్టేసరికి అవే ఇళ్లు, అవే ముఖాలు. కానీ మెట్టు దిగింది కాబట్టి శత్రువుల దూకుడు తగ్గుతుంది, వాళ్ల దెబ్బకు పోయే ప్రాణశక్తీ తగ్గుతుంది. ఆటలోని కొన్ని ఘట్టాల్లోనైతే శత్రువుల సంఖ్యే తగ్గిపోతుంది. ఈసారి అతను గట్టెక్కుతాడు, తన చేయి తిరిగిందనే అనుకుంటాడు. అందులో కొంత నిజం కూడా, ఎందుకంటే మొదటి ప్రయత్నంలో నేర్చుకున్నది ఎక్కడికీ పోదు. అతను కుదురుకున్నకొద్దీ లెక్క మళ్లీ పైమెట్లు ఎక్కుతుంది. ఆట చివర తెరుచుకునే ‘ప్రొఫెషనల్’ స్థాయిలో మాత్రం ఈ సర్దుబాటు ఉండదు, కష్టం పైమెట్టు దగ్గరే బిగుసుకుని ఉంటుంది.

ఓడిపోయాక సాయం చేయడం తేలిక. ఓడిపోబోతున్నారని ముందే పసిగట్టడం కష్టం. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో రాబిన్ హునికీ, వెర్నెల్ చాప్‌మన్ 2004లో ప్రచురించిన పరిశోధన పట్టుకున్నది దీన్నే. ‘హాఫ్-లైఫ్’ అనే తుపాకీ ఆటకు వాళ్లు ‘హామ్లెట్’ అనే వ్యవస్థను జోడించారు. శత్రువుల వల్ల ఎంత నష్టం జరుగుతోంది, ఆ నష్టం ఒక్కోసారి ఎంత ఎక్కువతక్కువలు అవుతోంది అన్నది అది నమోదు చేస్తుంది. ఉదాహరణకు ఆటగాడికి 40 పాయింట్ల ప్రాణశక్తి మిగిలి ఉండి, ఇలాంటి పోరులో సగటున 30 పోతుందనుకుందాం. సగటు చూస్తే బతికినట్టే. కానీ నష్టం ఒకసారి 10, ఇంకోసారి 50గా ఊగుతుంటే చావుకు అవకాశం గట్టిగానే ఉంది. హామ్లెట్ ఆ సంభావ్యతను లెక్కగట్టి, అది హద్దు దాటితే రంగంలోకి దిగుతుంది.

ఎక్కడ దిగాలన్నదే అసలు మెలకువ. ఎదురుగా కాలుస్తున్న శత్రువు బలాన్ని ఉన్నట్టుండి తగ్గిస్తే ఆటగాడి కన్ను పట్టేస్తుంది. నిన్న మూడు గుండ్లు తిన్నవాడు ఇవాళ ఒక్కదానికే ఎందుకు పడ్డాడన్న అనుమానం పుడితే, ఇక గెలిచినా తృప్తి ఉండదు. అందుకే హునికీ బృందం రంగం మీద ఉన్నవాటినీ, ఇంకా తెరమీదికి రానివాటినీ విడదీసి చూసింది. మలుపు అవతల రాబోయే శత్రువులు ఎందరో ఆటగాడికి తెలియదు. రాబోయే గదిలో మందులపెట్టె ఉంటుందో లేదో కూడా తెలియదు. అక్కడ చేసిన మార్పును పోల్చి చూసుకోవడానికి అతనికి ఆధారం లేదు.

ఇలాంటి జాగ్రత్త లోపిస్తే ఏమవుతుందో 2006లో వచ్చిన ‘ఆబ్లివియన్’ చూపించింది. అక్కడ ఆటగాడి స్థాయి పెరిగినకొద్దీ ప్రపంచం మొత్తం అతనితోపాటే పెరుగుతుంది. కష్టపడి ఎదిగాక దారిదోపిడీ చేసుకునే మామూలు దొంగలు కూడా ఖరీదైన, అరుదైన కవచాలు తొడుక్కుని ఎదురయ్యేవారు. ఎదిగిన ఫలితం ఎక్కడా అనుభవంలోకి రాలేదని ఆడినవాళ్లు గట్టిగానే విమర్శించారు. స్పందన మరీ చురుగ్గా ఉన్నా ప్రమాదమే. నాసిరకం స్టెబిలైజర్ కరెంటును ఒకసారి పెంచి, ఒకసారి దించి బల్బును మినుకుమినుకుమనిపించినట్టు, ఒక్క ఓటమికే మెత్తబడి ఒక్క గెలుపుకే బిగుసుకునే ఆట నిలకడ తప్పుతుంది. అలాంటి ఆటలో కావాలని దెబ్బలు తిని కష్టాన్ని దించుకునే ఉపాయం కూడా ఆటగాళ్లకు త్వరగానే దొరుకుతుంది.

డబ్బు చేరినచోట ఈ గోప్యత వేరే రూపం తీసుకుంటుంది. ఒంటరిగా ఆడుకునేవారి కోసం బండ నెమ్మదిస్తే ఎవరికీ నష్టం లేదు. ఆటలోనే కొత్త ఆటగాళ్ల ప్యాకెట్లు అమ్మే పోటీ ఆటలో, నా ఓటమి నా తప్పా, కొనిపించడానికి పన్నిన ఏర్పాటా అని అనుమానించే హక్కు ఆడేవారికి ఉంది. 2020లో కాలిఫోర్నియాలో కొందరు ఫుట్‌బాల్ ఆట ‘ఫిఫా’ విషయంలో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థపై ఈ ఆరోపణతోనే దావా వేశారు. ఆ పద్ధతిపై సంస్థకు పేటెంటు ఉండడం వాళ్ల అనుమానానికి బలమిచ్చింది. ఫిఫాలో దాన్ని వాడలేదని సంస్థ ఖండించింది. సాంకేతిక వివరాలు చూపించాక 2021లో దావా వేసినవాళ్లే దాన్ని ఉపసంహరించుకున్నారు. ఆరోపణ నిలవలేదు. కానీ దాచిన యంత్రం లేదని నిరూపించడానికి లోపలి సాంకేతిక సంగతులు బయటపెట్టాల్సి వచ్చింది.

సాయాన్ని దాచితీరాలన్న నియమమేమీ లేదు. సూపర్‌జెయింట్ గేమ్స్ 2020లో పూర్తిస్థాయిలో విడుదల చేసిన ‘హేడీస్’ సెట్టింగుల్లో ‘గాడ్ మోడ్’ అనే మీట ఉంది. దాన్ని ఆన్ చేసేదీ ఆపేదీ ఆటగాడే. ఆన్ చేయగానే తగిలే దెబ్బల తీవ్రత 20 శాతం తగ్గుతుంది. ఆపైన చనిపోయిన ప్రతిసారీ ఇంకో 2 శాతం చేరుతుంది. అలా 30 సార్లు చనిపోయేసరికి 80 శాతం దగ్గర ఆగుతుంది. ఆ అంకె సెట్టింగుల్లోనే కనబడుతుంది. శత్రువులు, వాళ్ల ఎత్తులు, కథ మాత్రం అందరికీ ఒకటే.