పాత బ్యాటరీకి 80 శాతం హద్దు

లిథియం అయాన్ బ్యాటరీని అన్నిటికంటే ఎక్కువగా అరగదీసేవి వేడి, నిండా ఛార్జ్‌తో గంటల తరబడి ఉండటం. నిండినప్పుడు లోపలి వోల్టేజీ ఎక్కువగా ఉంటుంది, రసాయనాలు నెమ్మదిగా పాడవుతుంటాయి. 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ అందుకే. అడాప్టివ్ ఛార్జింగ్ రాత్రంతా సుమారు 80 దగ్గర ఆగి, మీరు లేచే వేళకు మిగతాది నింపుతుంది. రోజుకో షిఫ్టులో పనిచేసేవాళ్ల వేళలు దానికి అంతుపట్టవు. వాళ్లకు స్థిరమైన హద్దే మేలు.

అయితే బ్యాటరీ ముసలిదైతే లెక్క మారుతుంది. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ ఆరోగ్యం 80 శాతానికి పడిపోతే మిగిలేది 4000. దానిలో 80 శాతమే నింపితే చేతికొచ్చేది 3200. సాయంత్రానికే ఫోన్ ఆగిపోతుంటే హద్దును 90కో 100కో పెంచుకోండి. ఫోన్ మన అవసరానికే కదా!

ఫాస్ట్ ఛార్జింగ్‌ను చూసి మరీ భయపడక్కర్లేదు. ఛార్జ్ నిండేకొద్దీ ఫోనే వేగం తగ్గిస్తుంది. కాకపోతే పాత బ్యాటరీలో అంతర్గత నిరోధం పెరిగి, అదే కరెంటుకు ఎక్కువ వేడెక్కుతుంది. కాబట్టి తీరిక ఉన్న రాత్రి మామూలు ఛార్జర్ చాలు. దిండు కింద, ఎండలో ఉన్న కారులో, గేమ్ ఆడుతూ ఛార్జింగ్ పెట్టడం మాత్రం మానాల్సిందే.

20 శాతం చూపిస్తూనే ఫోన్ హఠాత్తుగా ఆగిపోతుంటే బ్యాటరీ మార్చే సమయం వచ్చినట్టే. వెనక మూత ఉబ్బితే ఇక ఛార్జింగ్ పెట్టకండి, నొక్కకండి. నేరుగా సర్వీస్ సెంటర్‌లో ఇవ్వండి.