కప్పు పిడికి దారి ఒకటి, కోతలు మూడు

జంతికల గొట్టంలో పిండి పెట్టి నొక్కితే, బిళ్లకున్న రంధ్రం ఆకారమే మొదటి నుంచి చివరిదాకా వస్తుంది. చేతిని ఎటు తిప్పితే జంతిక అటు వంగుతుంది గానీ దాని లావు మారదు. కంప్యూటర్లో వస్తువుల నమూనాలు గీసేవారు స్వీప్ అనేది ఇదే: ఒక అడ్డుకోతను ఒక దారి వెంట నడిపించడం. లాఫ్ట్ ఇందుకు వేరు. పడవ కట్టేవారు ముందు పక్కటెముకలు నిలబెట్టి, వాటి మీదుగా పలకలు బిగిస్తారు. అలాగే లాఫ్ట్‌లో కొన్నిచోట్ల అడ్డుకోతలు గీస్తే, వాటిని కలిపే ఉపరితలాన్ని కంప్యూటర్ వేస్తుంది.

కాఫీ కప్పు పిడికి ఈ రెండింట్లో ఏ ఒక్కటీ సరిపోదు. గోడకు అతికే చోట పిడి వెడల్పుగా, వేళ్లు పట్టే చోట సన్నగా ఉండాలి. స్వీప్ ఒక్కటే వాడితే లావు మారదు. లాఫ్ట్ ఒక్కటే వాడితే కోతల మధ్య పిడి ఎటు వంగాలో మన చేతిలో ఉండదు. అందుకే దారినీ, కోతలనూ రెండింటినీ మనమే ఇవ్వాలి. ఉచితంగా దొరికే ఫ్రీక్యాడ్‌లో ఆ పని ఎలా చేయాలో చూద్దాం.

మన కప్పు బయటి వ్యాసార్ధం 40 మిల్లీమీటర్లు, గోడ మందం 4, ఎత్తు 100 అనుకుందాం. ముందుగా నిలువు తలం మీద పిడి దారిని బి-స్ప్లైన్ వక్రంగా గీస్తాం. అది 85 ఎత్తులో మొదలై, కప్పు నడిమి అక్షం నుంచి 75 దూరం దాకా వెళ్లి, 20 ఎత్తుకు తిరిగి రావాలి. మొదటి రెండు నియంత్రణ బిందువులను ఒకే ఎత్తులో, చివరి రెండింటినీ ఒకే ఎత్తులో పెడితే పిడి గోడకు సూటిగా అతుకుతుంది.

దారి గోడలో ఎక్కడ మొదలవ్వాలి? ఇక్కడ పైథాగరస్ సిద్ధాంతం పనికొస్తుంది. పై కోత వెడల్పు 24, అంటే సగం 12. 40 వర్గం నుంచి 12 వర్గం తీసేస్తే 1456. దాని వర్గమూలం సుమారు 38.2. కోత బల్లపరుపుగా ఉంటుంది, గోడ గుండ్రంగా ఉంటుంది. కాబట్టి 38.2 దాటి మొదలుపెడితే కోత అంచుల దగ్గర సందు మిగిలిపోతుంది. 36 కన్నా లోపల మొదలుపెడితే పిడి కప్పు లోపలికి పొడుచుకొస్తుంది. అందుకే రెండు చివరలనూ 37 దగ్గర పెడదాం.

ఇక కోతలు. మూడూ దీర్ఘవృత్తాలే: పైన 24 వెడల్పు, 12 మందం, నడుమ 16, 10, కింద 20, 10. ప్రతి స్కెచ్‌నూ `Normal to edge` పద్ధతిలో దారికి లంబంగా అతికించి, `Map Path Parameter` విలువను వరుసగా 0, 0.5, 1 అని ఇస్తాం. తర్వాత `Additive Pipe` తెరిచి, పై కోతను ప్రొఫైల్‌గా, వక్రాన్ని దారిగా ఎంచుకుంటాం. `Transform mode` దగ్గర `Multisection` పెట్టి మిగతా రెండు కోతలను చేర్చితే పిడి తయారవుతుంది.

తప్పు జరిగేది ఎక్కువగా రెండు చోట్ల. మొదటిది మెలిక. ఒక కోతను దీర్ఘవృత్తంగా, మరోదాన్ని దీర్ఘచతురస్రంగా గీస్తే ఒకదానికి ఒకే అంచు, రెండోదానికి నాలుగు. ఏది దేనితో కలవాలో తేలక పిడి పిండిన గుడ్డలా తిరుగుతుంది, లేదా అసలు ఏర్పడదు. అన్ని కోతల్లో అంచుల సంఖ్య ఒకటే ఉండాలి, పొడవాటి అక్షం ఒకే వైపు ఉండాలి, గీత మొదలయ్యే బిందువు కూడా ఒకే పక్కన ఉండాలి.

రెండోది ముడత. పిడి సగం మందం 6. దారి ఎక్కడైనా అంతకన్నా చిన్న వ్యాసార్ధంతో మలుపు తిరిగితే, లోపలి వైపు ఉపరితలం తన మీద తానే పడుతుంది. స్కెచ్‌లో వక్రత దువ్వెనను చూపించమంటే, దాని పళ్లు పొడవైన చోటే మలుపు బిగువు ఎక్కువ. అక్కడి వ్యాసార్ధం 12కు తగ్గకుండా బిందువులను జరపాలి.

పిడి కంటికి నున్నగా కనబడినంత మాత్రాన కొలతలు సరిపోయినట్టు కాదు. దాన్ని దారికి లంబంగా నాలుగైదు చోట్ల కోసి వెడల్పు కొలవాలి. 24, 16, 20 గుండా నున్నటి వక్రం పోవాలంటే, అది సరిగ్గా నడుమ ఆగకుండా కాస్త కిందికి దిగాక 16 కన్నా కొద్దిగా సన్నబడవచ్చు. ఆ తేడా పనికిరాదనుకుంటే అక్కడ నాలుగో కోత పెట్టాలి. అలాగని పదేసి కోతలు పెడితే వాటిలోని చిన్న చిన్న తేడాలే పిడి మీద అలలుగా తేలతాయి. కొలత ఎక్కడ మారాలో అక్కడే కోత పెట్టి, మిగతాది దారికి వదిలేయాలి.